చేత్తో రాసిన బోర్డింగ్ పాస్

2024 జూలై 19న శంషాబాద్ విమానాశ్రయంలో కొందరికి పెన్నుతో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. ఆ రోజు ప్రపంచమంతటా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం తెర చూపించి ఆగిపోయాయి. మన టైం ప్రకారం ఉదయం 9:39కి క్రౌడ్‌స్ట్రైక్ సెక్యూరిటీ ప్రోగ్రాంకు ఒక చిన్న అప్‌డేట్ ఫైలు వచ్చింది. ప్రోగ్రాం దగ్గర ఉన్నవి 20 విలువలు. కొత్త ఫైలు 21వదాన్ని చూడమంది. అది లేని చోట చదవబోయి ప్రోగ్రాం బోల్తా పడింది.

ఇదే తప్పు బ్రౌజర్‌లో జరిగితే ఒక ట్యాబ్ పోయేది, అంతే. కానీ ఈ ప్రోగ్రాంలో ఒక భాగం డ్రైవర్‌గా, ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ లోపలే నడుస్తుంది. అక్కడ డ్రైవర్లు, ఫైల్ సిస్టమ్, నెట్‌వర్క్ అన్నిటిదీ ఒకే మెమరీ, మధ్యలో గోడల్లేవు. తప్పు జరిగాక ఎవరి డేటా పాడైందో చెప్పలేం కాబట్టి విండోస్ కావాలనే ఆగిపోతుంది. ఇలా అన్నీ ఒకేచోట ఉండే కెర్నల్‌ను మోనోలిథిక్ అంటారు, విడగొట్టినదాన్ని మైక్రోకెర్నల్ అంటారు. విండోస్‌ను రెంటికీ మధ్యరకంగా హైబ్రిడ్ అంటారు గానీ, డ్రైవర్ల దగ్గరికొచ్చేసరికి ఆ మాటకు పెద్ద విలువ లేదు. లైనక్స్ అయితే నేరుగా మోనోలిథిక్కే.

మైక్రోకెర్నల్‌లో డ్రైవర్లు, ఫైల్ సిస్టమ్ బయట విడివిడి ప్రోగ్రాంలుగా ఉండి, కెర్నల్ ద్వారా సందేశాలు పంపుకుంటాయి. మినిక్స్ 3 అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో అయితే చనిపోయిన డ్రైవర్‌ను మళ్లీ లేపడానికే సర్వర్ అనే సేవక ప్రోగ్రాం ఒకటి ఉంది, దాని పేరు నిజంగానే ‘పునర్జన్మ’. ఆ రోజు అదే ఉండి ఉంటే? సెక్యూరిటీ ప్రోగ్రాం లేవడం, అదే ఫైలు చదివి మళ్లీ పడటం, ఇలాగే సాగేది. మిగతా కంప్యూటర్ మాత్రం నడిచేది.

మరి అందరూ అటు ఎందుకు వెళ్లలేదు? ‘మైక్రోకెర్నల్ స్లో’ అని అమీర్‌పేట కోచింగుల్లో ఇంటర్వ్యూకి బట్టీ పడతారు. ఆ చెడ్డపేరు చాలావరకు మాక్ అనే మైక్రోకెర్నల్ తెచ్చిపెట్టింది. 50 మెగాహెర్ట్జ్ 486 చిప్ మీద 8 బైట్ల సందేశానికి మాక్ 115 మైక్రోసెకన్లు తీసుకునేది. 1990లలో జర్మన్ కంప్యూటర్ శాస్త్రవేత్త యోఖెన్ లీట్కె అదే పనిని సుమారు 5 మైక్రోసెకన్లకు దించాడు. ఆయన కిటుకు కెర్నల్‌ను చిప్‌లోని చిన్న వేగమైన మెమరీ అయిన క్యాష్‌లో సులువుగా ఇమిడేంత చిన్నదిగా రాయడం.

ఒక లెక్క వేద్దాం. ఫైలు తెరవాలంటే ఫైల్ సర్వర్‌కు ఒక సందేశం, అది డిస్క్ డ్రైవర్‌కు ఇంకోటి, తిరుగు జవాబులు రెండు, మొత్తం నాలుగు. అలా 10,000 ఫైళ్లు తెరిస్తే మాక్‌లో సందేశాలకే 4.6 సెకన్లు, లీట్కె పద్ధతిలో 0.2 సెకను. మోనోలిథిక్‌లో అవి మామూలు ఫంక్షన్ కాల్స్, ఖర్చు దాదాపు లేనట్టే. తెరిచే ప్రతి ఫైలునూ తనిఖీ చేసే సెక్యూరిటీ ప్రోగ్రాంలు కెర్నల్‌లో కూర్చోవడానికి ఒక కారణం ఇదే.

పునర్జన్మకూ హద్దుంది. నెట్‌వర్క్ డ్రైవర్ చచ్చి లేస్తే పోయిన ప్యాకెట్లను టీసీపీ అనే నెట్‌వర్క్ పద్ధతి మళ్లీ పంపుతుంది. ఫైల్ సర్వర్ చస్తే మాత్రం ఏ ప్రోగ్రాం ఏ ఫైలులో ఎక్కడిదాకా చదివిందన్న జ్ఞాపకం దాంతోపాటే పోతుంది.

ఆపిల్ 2019లో సగం దారి పట్టింది. కెర్నల్‌ను విడగొట్టకుండా, సెక్యూరిటీ ప్రోగ్రాంలకు బయటే చోటిచ్చింది. ఇప్పుడు ఫైలు తెరిచేముందు ఆపిల్ కంప్యూటర్ల మ్యాక్ఓఎస్ కెర్నల్ బయటి ప్రోగ్రాంను అడిగి జవాబు కోసం ఆగగలదు. గడువులోగా జవాబు రాకపోతే ఆ ప్రోగ్రాంనే చంపేస్తుంది.