పదమూడో ఎక్కంలో పది సెకన్లు

గాజువాక నుంచి వచ్చిన ఎనిమిదేళ్ల పాప తల మీద 21 ఎలక్ట్రోడ్లు అతికించి, చేతికి కాగితపు గాలిమర ఇచ్చాను. విశాఖలో మెదడు విద్యుత్తును గీతలుగా చూపే ఈఈజీ పరీక్షలు చేయడం నా పని. మూడు నిమిషాలు ఆపకుండా ఊదమన్నాను. వేగంగా ఊపిరి వదిలితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. యాబ్సెన్స్ అనే రకం మూర్ఛ ఉన్న పిల్లల్లో చాలామందికి అప్పుడే అది బయటపడుతుంది.

పాప పదమూడో ఎక్కం చెబుతూ ‘పదమూడు ఆరులు’ దగ్గర ఆగిపోతుందని, పది సెకన్ల తర్వాత ఏమీ జరగనట్టే ‘డెబ్బై ఎనిమిది’ అంటుందని తల్లి చెప్పింది. బడిలో దాన్ని పరధ్యానం అన్నారు. పరధ్యానమైతే భుజం తడితే ఈ లోకంలోకి వస్తారు. ఈ పాప రాదు. తర్వాత ఎవరో ఫిట్స్ అని గుర్తించి కార్బమాజెపైన్ అనే మందు రాశారు. నెల తిరిగేసరికి రోజుకు పది సార్లు వచ్చేది లెక్కపెట్టలేనంతగా పెరిగింది.

రెండో నిమిషంలో గాలిమర ఆగింది. కళ్లు తెరిచే ఉన్నాయి, రెప్పలు సన్నగా కొట్టుకున్నాయి. తెర మీద అన్ని గీతలూ ఒక్కసారే ఎగిశాయి: నిటారుగా ఒక ముల్లు, వెనకే గుండ్రటి అల, మళ్లీ ముల్లు, మళ్లీ అల, సెకనుకు మూడు చొప్పున. 1935లో గిబ్స్, డేవిస్, లెనాక్స్ అనే పరిశోధకులు వర్ణించిన ఆకృతి ఇదే. నేను మెల్లగా ‘కైలాసగిరి’ అన్నాను. పదకొండు సెకన్లకు గీతలు ఠక్కున మామూలయ్యాయి, గాలిమర తిరిగింది. ఏమన్నానని అడిగితే, ‘మీరేమీ అనలేదు’ అంది.

ఇది యాబ్సెన్స్ మూర్ఛ. మెదడులో ఒకచోట పుట్టే ఫోకల్ మూర్ఛలో కూడా మనిషి ఇలా శూన్యంలోకి చూడవచ్చు. కానీ అది తరచు ఒకటి రెండు నిమిషాలు సాగుతుంది, పెదవులు చప్పరిస్తారు, తర్వాత కాసేపు అయోమయంగా ఉంటారు. ఈఈజీలో అది చాలాసార్లు ఒక పక్క కొన్ని గీతల్లో లయగా మొదలై, రూపం మారుతూ చుట్టూ పాకుతుంది.

కార్బమాజెపైన్ ఆ ఫోకల్ మూర్ఛకు మంచి మందు. నరకణం సంకేతం పంపిన ప్రతిసారీ దాని పొరలోని సోడియం ద్వారాలు తెరుచుకుని, మూసుకుని, క్షణకాలం విశ్రాంతి తీసుకుంటాయి. మందు ఆ విశ్రాంతిని పొడిగిస్తుంది. అందుకే పిచ్చి వేగంతో పేలే కణాలు చల్లబడతాయి, నింపాదిగా పనిచేసేవాటికి పెద్దగా అడ్డు ఉండదు.

యాబ్సెన్స్‌లో కథ వేరు. మెదడు నడిమధ్యన ఉన్న థాలమస్‌కు, పైపొర అయిన కార్టెక్స్‌కు మధ్య ఒక ఊయల ఊగుతుంది. థాలమస్ కణాల్లో టి-రకం కాల్షియం ద్వారాలున్నాయి. కణం మామూలు వోల్టేజిలో ఉంటే వాటికి గొళ్లెం పడి ఉంటుంది. పక్కనున్న కణాలు గాబా అనే రసాయనంతో ఆ కణాన్ని అణచి, వోల్టేజిని బాగా కిందికి దించినప్పుడే గొళ్లెం ఊడుతుంది. అణచివేత సడలగానే కాల్షియం లోపలికి దూసుకొస్తుంది, కణం సంకేతాల గుత్తి పేలుస్తుంది. ఆ దెబ్బకు కార్టెక్స్ ఉలిక్కిపడుతుంది, గాబా కణాలు కూడా మేల్కొని మళ్లీ అణచివేస్తాయి. ముల్లు ఆ ఉలికిపాటు. అల దాని వెనక వచ్చే నిశ్శబ్దం.

గాబా అంటే మెదడుకు బ్రేకు, బ్రేకు బలపడితే ఏ మూర్ఛయినా తగ్గాలి కదా అనిపిస్తుంది. ఇక్కడ ఆ బ్రేకే ఊయలను వెనక్కి లాగే చెయ్యి. అందుకే గాబాను పెంచే వైగాబాట్రిన్, టియాగబైన్ మందులు యాబ్సెన్స్‌ను ముదిరిస్తాయి. కార్బమాజెపైన్ కూడా థాలమస్‌లో గాబా ప్రభావాన్ని పెంచుతుందని ఎలుకల మీద ప్రయోగాల్లో కనిపించింది. పాప విషయంలో తప్పంతా మందుదని నేననను. ఈఈజీ తీయకుండా మందు మొదలుపెట్టడం నన్ను బాధించింది.

డాక్టరు కార్బమాజెపైన్ మాన్పించి, టి-రకం ద్వారాలను అడ్డుకునే ఎథోసక్సిమైడ్ రాశారు. వాల్‌ప్రోయేట్ కూడా యాబ్సెన్స్‌ను దాదాపు అంతే బాగా ఆపుతుంది. కానీ 2010లో వచ్చిన పెద్ద పరీక్ష ఫలితాల్లో, అది వాడిన పిల్లల్లో ఏకాగ్రత ఎక్కువగా దెబ్బతింది. పైగా ఆడపిల్ల పెద్దదై గర్భం దాల్చినప్పుడు కడుపులో బిడ్డకు అది ప్రమాదకరం. అయితే ఒళ్లంతా కొట్టుకునే పెద్ద ఫిట్స్‌ను ఎథోసక్సిమైడ్ ఆపదు. అవి కూడా ఉన్న పిల్లలకు అది ఒక్కటే సరిపోదు.

రెండు నెలల తర్వాత పాప మళ్లీ వచ్చింది. ఎక్కం ఎక్కడా ఆగడం లేదని తల్లి మురిసిపోయింది. మళ్లీ గాలిమర ఇచ్చాను. రెండున్నర నిమిషాల దగ్గర ముల్లు, అల మళ్లీ కనిపించాయి, రెండు సెకన్ల పాటే. అప్పుడే ‘కైలాసగిరి’ అన్నాను. పరీక్ష అయ్యాక అడిగితే వెంటనే చెప్పింది. ఆ రెండు సెకన్ల గీతను డాక్టరుకు చూపించాను. ఆయన మోతాదు కొంచెం పెంచారు.