పదివేల సబ్‌స్క్రైబర్ల థ్యాంక్యూ వీడియో: స్క్రిప్టు విషయంలో అపోహలు - వాస్తవాలు

చిన్న చిన్న తెలుగు యూట్యూబ్ ఛానళ్లకు స్క్రిప్టులు రాసిపెట్టడం నా పని. వంటలు, మిద్దె తోటలు, కుట్టుపని, పోటీ పరీక్షలు, ఇలా రకరకాల ఛానళ్లు వస్తుంటాయి. రోజూ చక్కగా మాట్లాడే వాళ్లు కూడా పదివేలు దాటిన రోజు థ్యాంక్స్ చెప్పమంటే తడబడతారు. కొందరిది గొప్పలు చెప్పుకున్నట్టు ఉంటుంది, కొందరిది బతిమాలుకున్నట్టు ఉంటుంది. ఒక కుట్టుపని ఛానల్‌కి రాసిన స్క్రిప్టును ముందు పెట్టుకుని, ఎక్కువగా వినిపించే అపోహల గురించి చెప్తాను. ఆ ఛానల్ నడిపేది ఊళ్లో టైలరింగ్ షాపు ఉన్న ఒక అక్క. బ్లౌజ్ కటింగ్ నేర్పుతారు.

అపోహ: మనసులోంచి రావాలంటే స్క్రిప్టు ఉండకూడదు

వాస్తవం దీనికి రివర్స్‌లో ఉంటుంది. ఏమీ రాసుకోకుండా కెమెరా ముందు కూర్చుంటే మన నోటికి వచ్చేవి మన మాటలు కావు, నలుగురి వీడియోల్లో విని విని నోట్లో నానినవి. అక్క స్క్రిప్టు లేకుండా తీసి నాకు పంపిన మొదటి టేక్ ఇలా ఉంది:

"హాయ్ ఫ్రెండ్స్, ఈరోజు నాకు చాలా చాలా హ్యాపీగా ఉంది. ఫైనల్లీ మనం టెన్‌కే ఫ్యామిలీ అయిపోయాం! ఈ స్థాయికి రావడానికి నేను ఎంత కష్టపడ్డానో నాకే తెలుసు. పగలంతా షాపు, రాత్రంతా ఎడిటింగ్. నన్ను చూసి నవ్విన వాళ్లు కూడా ఈరోజు మెసేజ్ పెడుతున్నారు. మీ సపోర్ట్ లేకపోతే నేను లేను. ఇలాగే సపోర్ట్ చేయండి, నెక్స్ట్ టార్గెట్ లక్ష!"

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. అయినా వింటే అక్క గొంతులా లేదు. కుట్టుపని అనే మాటే లేదు కాబట్టి ఇదే టేక్‌ని బిర్యానీ ఛానల్‌లో పెట్టినా ఎవరికీ తేడా తెలియదు. స్క్రిప్టు చూసేటప్పుడు నా మొదటి పరీక్ష ఇదే. ఏ వాక్యాన్ని తీసి వేరే ఛానల్‌లో పెట్టినా సరిపోతుందో దాన్ని కొట్టేస్తాను. పై టేక్‌లో "పగలంతా షాపు, రాత్రంతా ఎడిటింగ్" తప్ప ఏదీ మిగలలేదు, అదీ అంతంతమాత్రమే.

అయితే రాసింది చూసి చదవకూడదు. ముందు మొత్తం రాయండి, బయటికి రెండుసార్లు చదవండి, తర్వాత నాలుగైదు ముక్కలుగా ఒక చీటీ మీద వేసుకుని చీటీతోనే మాట్లాడండి. ఏం చెప్పాలో స్క్రిప్టు చూసుకుంటుంది. ఎలా చెప్పాలన్నది మీ నోటికే వదిలేయండి.

అపోహ: గొప్పగా అనిపించకూడదంటే మనల్ని మనం తగ్గించుకోవాలి

"నాదేం లేదండీ, నేనొక మామూలు మనిషిని, అంతా మీ దయ" అనే వరస ఇది. దీనికీ గొప్పలకీ ఒక పోలిక ఉంది. రెండింట్లోనూ మాట్లాడే మనిషే మధ్యలో నిలబడి ఉంటారు. పైగా మీ దగ్గర కటింగ్ నేర్చుకుని సొంతంగా నాలుగు బ్లౌజులు కుట్టుకున్న ఆమెకి "నాకేం రాదు" అంటే ఎలా ఉంటుంది? ఆమె పనిని కూడా తక్కువ చేసినట్టే.

దీనికి మందు వినయం కాదు, వాక్యంలో పనిచేసిన మనిషిని మార్చడమే. "మేం పదివేలు కొట్టాం", "నేను ఈ స్థాయికి వచ్చాను" అనే చోట చూసేవాళ్లు ఏం చేశారో చెప్పండి. వాళ్లు చేసిన పనులు నిజంగా ఉంటాయి. ఎవరో ప్రశ్న అడిగి ఉంటారు, తప్పు పట్టుకుని ఉంటారు, వీడియో చూసి చేసి ఫొటో పంపి ఉంటారు, పక్కింటావిడకి లింకు పంపి ఉంటారు. వాటిని వెతికి పట్టుకోవడానికే స్క్రిప్టు పనిలో సగం టైమ్ పోతుంది.

అక్కతో కూర్చుని యూట్యూబ్ స్టూడియోలో పాత కామెంట్లు తిరగేశాం. "సూపర్ అక్కా", "నైస్" లాంటివి పక్కన పెట్టేశాం. మాక్కావాల్సింది ఛానల్‌లో ఏదో ఒకటి మారడానికి కారణమైన కామెంట్లు. మూడు దొరికాయి. మొదట్లో అక్క లైట్ రంగు లైనింగ్ గుడ్డ మీద తెల్ల సుద్దతో గీసేవారు. ఫోన్‌లో గీత కనబడట్లేదని ఒకరు రాశారు. ఆ తర్వాత నుంచి నీలం సుద్ద. రెండోది, నడుము కొలత లెక్క. కొలతని నాలుగుతో భాగించి, కుట్టుకి కలిపి, నడుము దగ్గర డాట్ అనే మడత కుట్టు కోసం కలపాల్సిన ఇంచు చెప్పడం ఒక వీడియోలో అక్క వదిలేశారు. అది చూసి కత్తిరించిన ఒకామె బ్లౌజ్ నడుము దగ్గర బిగుసుకుపోయింది. ఆమె తిట్టకుండా, ఎక్కడ లెక్క తప్పిందో కనుక్కుని మరీ రాశారు. మూడోది, చంక దగ్గర ముడతలు ఎందుకు వస్తున్నాయని ఒకరు వదలకుండా అడిగితే చేసిన వీడియో. ఛానల్‌లో ఇప్పటికీ ఎక్కువ మంది చూసేది అదే.

అపోహ: పేర్లన్నీ చదివితేనే ప్రేమగా ఉంటుంది

పేర్ల లిస్టు అందులో పేరున్న వాళ్లకి తప్ప ఎవరికీ ఆసక్తిగా ఉండదు. ఆ లిస్టులో లేని పాత సబ్‌స్క్రైబర్ మాత్రం నొచ్చుకుంటారు. ముప్పై పేర్ల కంటే మూడు సంగతులు మేలు. సంగతి చెప్తే పేరు లేకపోయినా ఆ మనిషికి అది తనేనని తెలిసిపోతుంది. బిగుసుకున్న బ్లౌజ్ ఆవిడకి పేరు పెట్టి పిలవాల్సిన పనేముంది? కామెంట్ స్క్రీన్‌షాట్ చూపించాలనుకుంటే ఫొటో, పేరు బ్లర్ చేయండి. ఇంట్లో తెలియకుండా కుట్టు నేర్చుకుంటున్నానని రాసిన వాళ్లు కూడా ఉంటారు. అలాంటివి వాళ్లని అడగకుండా వీడియోలోకి తేకూడదు.

అపోహ: అంకె పడిన రోజే వీడియో రావాలి, కేకూ బటనూ ఉండాలి

సబ్‌స్క్రైబర్ల లెక్క ఒకచోట నిలబడదు. కొందరు అన్‌సబ్‌స్క్రైబ్ చేస్తారు, మూసేసిన ఖాతాలనూ స్పామ్ ఖాతాలనూ యూట్యూబే తీసేస్తుంటుంది. పొద్దున 10,003 ఉన్నది సాయంత్రానికి 9,996 కావచ్చు. 10,000 నుంచి 10,099 వరకూ బయటి వాళ్లకి కనిపించేది ఒకటే, 10K. అసలు అంకె స్టూడియోలో మీకే కనబడుతుంది. అందుకని యాభై, అరవై పైకి వెళ్లాక తీరిగ్గా పెట్టండి, ఎవరూ అడగరు.

బటన్ సంగతి. సిల్వర్ బటన్ లక్షకి ఇస్తారు, గోల్డ్ పది లక్షలకి. పదివేలకి యూట్యూబ్ నుంచి ఏ బటనూ రాదు. ఆన్‌లైన్‌లో చేయించుకున్న నకలు బటన్‌ని టేబుల్ మీద పెడితే తెలిసిన వాళ్లు నవ్వుకుంటారు, తెలియని వాళ్లని మోసం చేసినట్టవుతుంది. కేకు మీ ఇష్టం. నేనైతే ఆ టేబుల్ మీద నీలం సుద్ద పెట్టమన్నాను.

అపోహ: థ్యాంక్స్ సబ్‌స్క్రైబర్లకే

స్టూడియోలో ఆడియన్స్ ట్యాబ్‌కి వెళ్తే, మీ వీడియోలు చూసిన సమయంలో సబ్‌స్క్రైబర్లది ఎంత, మిగతా వాళ్లది ఎంత అని విడివిడిగా చూపిస్తుంది. "ఎలా చేయాలి" అని వెతుక్కుంటూ వచ్చే ఛానళ్లలో సబ్‌స్క్రైబ్ చేయని వాళ్లదే పెద్ద వాటా ఉండటం మామూలే. అక్క ఛానల్‌లోనూ అంతే. వాళ్లకి కూడా ఒక వాక్యం కేటాయిస్తే రెండు లాభాలు. నిజం చెప్పినట్టవుతుంది, "సబ్‌స్క్రైబ్ చేయండి" అని అడగాల్సిన అవసరమూ తప్పుతుంది.

ఇన్ని కోతల తర్వాత చివరికి నిలిచిన స్క్రిప్టు ఇది:

"నమస్తే అండీ. ఇదిగో ఈ నీలం సుద్ద. మొదట్లో నేను తెల్ల సుద్దతో గీసేదాన్ని. గీత కనబడట్లేదక్కా అని ఒకమ్మాయి రాసింది. ఫోన్‌లో చూస్తే నిజంగానే కనబడట్లేదు. ఆ రోజు నుంచి ఇదే వాడుతున్నాను.

నడుము లెక్కలో డాట్‌కి ఒక ఇంచు కలపాలని ఒక వీడియోలో చెప్పలేదు నేను. ఒకావిడ అలాగే కత్తిరించేశారు, బ్లౌజ్ బిగుసుకుపోయింది. కోప్పడకుండా లెక్క ఎక్కడ తప్పిందో రాసి పంపారు. ఆ కామెంట్ ఇప్పటికీ ఆ వీడియో కింద మొట్టమొదట ఉంటుంది. అమ్మా, మీ గుడ్డ పాడైంది. కానీ మీ తర్వాత చూసిన వాళ్లెవరిదీ పాడవలేదు.

చంక దగ్గర ముడతల గురించి అడిగినావిడ మూడుసార్లు అడిగారు. ఆవిడ వదిలేసి ఉంటే నేనూ ఆ వీడియో చేసేదాన్ని కాదు.

ఇప్పుడు పదివేల మంది ఈ ఛానల్‌ని సబ్‌స్క్రైబ్ చేసుకున్నారు. సబ్‌స్క్రైబ్ చేయకుండా వచ్చి, చూసి, కుట్టుకుని వెళ్లేవాళ్లు ఇంకా ఎక్కువ మంది ఉన్నారు. అందరికీ థ్యాంక్స్ అండీ. వచ్చే వారం పాత బ్లౌజ్‌ని వదులు చేయడం ఎలాగో చూపిస్తాను. చాలామంది అడిగారు. ఉంటాను."

కష్టాల కథ ఇందులో లేదని గమనించే ఉంటారు. అది చెప్పకూడదని కాదు, దానికి వేరే వీడియో ఉండాలి. థ్యాంక్స్ మధ్యలో కష్టం చెప్తే వినేవాళ్లకి అప్పు గుర్తుచేసినట్టుంటుంది. మొదటి టేక్‌లో చెప్పిన, చూసి నవ్విన వాళ్ల మాట అసలే వద్దు. ఆ వాక్యం పదివేల మందికి కాదు, ఆ నలుగురికి చెప్తున్నది. "నెక్స్ట్ టార్గెట్ లక్ష" తీసేయడానికి మాత్రం అక్క కొంచెం బెట్టు చేశారు. ఉత్సాహంగా ఉంటుంది కదా అన్నారు. థ్యాంక్స్ చెప్పిన వెంటనే ఇంకా కావాలని అడిగితే మొదటి మాట కూడా అడగడానికి వేసిన ముందడుగులా వినిపిస్తుంది. దాని బదులు వచ్చే వారం ఏం నేర్పుతారో చెప్పమన్నాను. "వదులు చేయడం" అలా వచ్చింది.

అంకె నాలుగో పేరాలో గానీ రాదు. టైటిల్‌లోనే పదివేలని ఉంది కాబట్టి మొదట్లో మళ్లీ చెప్పి ఆ కొద్ది సెకన్లు పోగొట్టుకోవడం ఎందుకు? తీరిగ్గా మాట్లాడితే ఇదంతా నిమిషం ముప్పావు దాటదు. ఇలాంటి వీడియోకి రెండు నిమిషాలు దాటిందంటే అందులో ఏదో ఒకటి రెండుసార్లు చెప్తున్నారని అర్థం.

చివరగా ఒక హద్దు చెప్పాలి. బాగా రాసినా ఈ వీడియోకి వ్యూస్ తక్కువే వస్తాయి. మిమ్మల్ని ఎరగని వాళ్లకి ఇందులో దొరికేదేమీ లేదు. కటింగ్ వీడియోకి వచ్చినన్ని రాలేదని కంగారు పడి తీసేయకండి, థంబ్‌నెయిల్ మార్చి ఊదరగొట్టకండి. చూడాల్సింది వ్యూస్ కాదు, కింద వచ్చే కామెంట్లు. "కంగ్రాట్స్" మాత్రమే వస్తుంటే స్క్రిప్టు మీ గురించే అయిందన్నమాట. "ఆ బిగుసుకున్న బ్లౌజ్ నాదే అక్కా" లాంటివి వస్తే వాటికి ఆ రోజే జవాబు రాయండి.