జిని 0.2: ఒకే అంకె, రెండు సమాజాలు

ఆదాయ పంపిణీ మీద అసైన్‌మెంట్ రాసేవాళ్లు చాలామంది జిని సూచీ లెక్కగట్టి, అది తగ్గితే అసమానత తగ్గిందని తేల్చేస్తారు. ఆ అంకె ఎలా పుట్టిందో చూస్తే అది దేన్ని దాచేస్తుందో తెలుస్తుంది.

1905లో అమెరికా ఆర్థికవేత్త మాక్స్ లారెంజ్ ఇచ్చింది అంకె కాదు, బొమ్మ. జనాన్ని పేదల నుంచి ధనికుల దాకా వరుసలో నిలబెట్టి, కింది సగం మందికి మొత్తం ఆదాయంలో ఎంత వాటా దక్కింది, కింది ముప్పావు మందికి ఎంత అని గీత గీస్తూ పోవాలి. అందరికీ సమానంగా అందితే గీత తిన్నగా ఉంటుంది, లేకపోతే కిందికి వంగుతుంది. ఇటలీ గణాంకవేత్త కొర్రాడో జిని, మనుషుల్ని జతలుగా తీసుకుని తేడాలు కొలిచే దారిలో వచ్చాడు. తన కొలతకూ లారెంజ్ వంపుకూ ఉన్న సంబంధాన్ని 1914లో చూపించాడు. అలా బొమ్మంతా ఒక్క అంకెలో ఇమిడిపోయింది. వంపు ఏ చోట ఉందన్న సంగతి మాత్రం అందులో మిగల్లేదు.

ఐదుగురు మనుషులు, మొత్తం ఆదాయం 100 అనుకుందాం. మొదటి సమాజంలో ఆదాయాలు 0, 25, 25, 25, 25. రెండోదాంట్లో 15, 15, 15, 15, 40. రెండింట్లోనూ పది జతలున్నాయి. ఆరు జతల్లో తేడా సున్నా, నాలుగు జతల్లో 25. తేడాల మొత్తం 100. దాన్ని మనుషుల సంఖ్య వర్గంతో, సగటు ఆదాయంతో, అంటే 25 × 20 = 500తో భాగిస్తే, రెండు చోట్లా జిని 0.2 వస్తుంది. ఒకచోట ఒక మనిషి చేతిలో ఏమీ లేదు. ఇంకోచోట అందరికీ కొంత ఉంది, ఒకరికి మాత్రం చాలా ఎక్కువ ఉంది. ఈ రెండూ ఒకటే అనడం నాకు అస్సలు మింగుడుపడదు.

కొలతలో విలువల తీర్పు దాగి ఉంటుందని బ్రిటిష్ ఆర్థికవేత్త హ్యూ డాల్టన్ 1920లోనే ఎత్తిచూపాడు. 1970లో మరో బ్రిటిష్ ఆర్థికవేత్త ఆంథొనీ అట్కిన్సన్ ఆ తీర్పును సూత్రంలోనే బయటపెట్టాడు. పేదల పట్ల ఎంత పట్టింపు ఉండాలో చెప్పే ε అనే విలువను లెక్క వేసేవాళ్లే ఎంచుకోవాలి. ε = 0.5 అనుకుంటే, ఆదాయాల వర్గమూలాల సగటు తీసి దాన్ని వర్గం చేస్తాం. మొదటి సమాజంలో 16 వస్తుంది, రెండోదాంట్లో సుమారు 19. సగటు 20తో పోలిస్తే నష్టం ఒకచోట 20 శాతం, ఇంకోచోట 5 శాతం లోపే. ఈ నష్టమే అట్కిన్సన్ సూచీ. అయితే ε 1కి చేరితే, ఒక్క సున్నా ఆదాయం ఉన్నా సూచీ నేరుగా 1, అంటే నష్టం నూటికి నూరు శాతం అయిపోతుంది. కాబట్టి డేటాలో ఆ సున్నా నిజమైనదా, సర్వేలో నమోదు కానిదా అన్నది ముందే చూడాలి.

అసైన్‌మెంట్‌లో జిని పక్కనే సంచిత వాటాలూ రాయండి. మొదటి సమాజానికి 0, 25, 50, 75, 100. రెండోదానికి 15, 30, 45, 60, 100. ఇద్దరి దాకా రెండోది పైన ఉంది, మూడో మనిషి దగ్గర మొదటిది పైకొచ్చింది. అంటే గీతలు ఖండించుకున్నాయి. ఇలాంటప్పుడు ఏది ఎక్కువ అసమానమన్నది ఎంచుకున్న సూచీని బట్టి తారుమారు కావచ్చు. అందుకే ఏ సూచీ వాడారో, ఎందుకు వాడారో ఆ పట్టిక కిందే రాయాలి.