ఈత స్కాలర్‌షిప్ వ్యాసం: అపోహలు – వాస్తవాలు

స్విమ్మింగ్ కోచ్‌గా నా దగ్గరికి పిల్లల స్కాలర్‌షిప్ వ్యాసాలు తరచూ వస్తుంటాయి. సాధించింది, ఎదురుదెబ్బ, అవసరం అని మూడు ముక్కలుగా రాస్తారు. ఒక ముక్కకీ ఇంకో ముక్కకీ సంబంధం ఉండదు. బాగా ఈదే పిల్లలు కూడా ఇక్కడే వెనకబడిపోతుంటే నాకు బాధగా ఉంటుంది.

అపోహ: పతకాలు ఎన్ని ఎక్కువ రాస్తే అంత మంచిది.

పక్కన టైమ్ లేని పతకం చదివేవాళ్లకు పెద్దగా ఏమీ చెప్పదు. ఆ రేసులో నలుగురు దిగారో నలభై మంది దిగారో వాళ్లకు తెలియదు. మీ ప్రధాన ఈవెంట్ ఒక్కటి తీసుకుని టైమ్ రాయండి. అది 25 మీటర్ల పూల్‌లో వచ్చిందా, 50 మీటర్ల పూల్‌లోనా అన్నది తప్పకుండా చెప్పండి. 100 మీటర్ల ఫ్రీస్టైల్‌లో చిన్న పూల్‌లో మూడు టర్న్‌లు వస్తాయి, పెద్ద పూల్‌లో ఒక్కటే. ప్రతి టర్న్‌లో గోడను తన్నినప్పుడు వేగం కలిసొస్తుంది కాబట్టి చిన్న పూల్ టైమ్ సాధారణంగా మెరుగ్గానే కనిపిస్తుంది. ఆ రెండూ కలిపేసి "ఇంత తగ్గించాను" అని రాస్తే, తెలిసినవాళ్లు వెంటనే పట్టేస్తారు. ఆ తర్వాత మిగతా మాటలు కూడా నమ్మరు.

టైమ్ పక్కన అంతర్జాతీయ ఈత సమాఖ్య వరల్డ్ అక్వాటిక్స్ పాయింట్లు కూడా వేస్తే ఇంకా మంచిది. ప్రపంచ రికార్డును బట్టి ఆ ఈవెంట్‌కు పెట్టిన బేస్ టైమ్‌ను మీ టైమ్‌తో భాగించి, వచ్చినదాన్ని ఘనం చేసి, 1000తో గుణిస్తారు. అబ్బాయిల 100 ఫ్రీస్టైల్‌కు 50 మీటర్ల పూల్‌లో 46.40 సెకన్లను బేస్‌గా తీసుకుంటే, 58.00 ఈదినవాడికి 512 పాయింట్లు. ఈత గురించి ఏమీ తెలియని ఎంపిక కమిటీ సభ్యుడికి కూడా ఈ అంకెతో ఒక అంచనా దొరుకుతుంది.

అపోహ: గాయం సంగతి రాస్తే బలహీనుడని అనుకుంటారు. రాస్తే మాత్రం కన్నీళ్లు తెప్పించేలా రాయాలి.

రెండూ తప్పే. దాచిపెడితే ఫలితాల్లో ఖాళీ కనిపిస్తుంది, దానికి కారణం వాళ్లే ఊహించుకుంటారు. అందుకే ఏం జరిగింది, ఏం మార్చుకున్నారు, తర్వాత టైమ్ ఎంత వచ్చింది, ఈ మూడూ చెప్పండి చాలు.

పైన చెప్పిన 58.00 కుర్రాడినే తీసుకుందాం. గాయానికి ముందు అతని టైమ్ 59.10. అరచేతులకు ప్యాడిల్స్ పలకలు పెట్టుకుని ఈదే దూరం ఒక్కసారిగా పెంచేసరికి భుజం నొప్పి మొదలైంది. "భుజం విరిగినా నా కల విరగలేదు" అని రాస్తే చదివేవాళ్లకు ఏం తెలుస్తుంది? అదే ఇలా రాశాడనుకోండి: "ప్యాడిల్స్ మానేశాను. కిక్ బోర్డు పట్టుకుంటే చేయి పైకి చాచాల్సి వచ్చి నొప్పి పెరుగుతుండేది. అందుకని వెల్లకిలా పడుకుని, చేతులు పక్కన పెట్టుకుని కిక్ చేశాను. ఫిజియో చెప్పిన భుజం వ్యాయామాలు ఆపలేదు. తిరిగొచ్చాక మొదటి రేసులో 1:01.30 వచ్చింది. సీజన్ చివరికి 58.00." ఇందులో ఎక్కడా గొప్పలు లేవు, అయినా ఈ కుర్రాడు తన శరీరాన్ని అర్థం చేసుకున్నాడని తెలిసిపోతుంది. 1:01.30 రాయడానికి వెనకాడొద్దు, ఆ అంకె ఉంటేనే 58.00 విలువ తెలిసేది.

అపోహ: ఇంటి ఇబ్బందులు చెబితే సాయం అదే వస్తుంది.

ఇంటి పరిస్థితి ఒకటి రెండు వాక్యాల్లో నిజాయితీగా చెప్పండి. కానీ డబ్బు దేనికో ఈతలోంచే చూపించాలి. ఎలాగంటే, ఆ 58.00లో మొదటి 50 మీటర్లు 27.20, రెండో 50 మీటర్లు 30.80. డైవ్ కలిసొస్తుంది కాబట్టి మొదటి సగం ఎవరికైనా వేగంగానే ఉంటుంది, రెండు సెకన్ల దాకా తేడా మామూలే. ఇతనికి 3.60 వచ్చింది. ఎందుకు? రోజూ ఈదేది 25 మీటర్ల పూల్‌లో. అక్కడ ప్రతి 25 మీటర్లకూ గోడ దొరుకుతుంది, చేతులకు క్షణం విశ్రాంతి దొరుకుతుంది. పెద్ద పూల్ రేసులో ఆ గోడ ఉండదు, చివర్లో స్ట్రోక్ పొట్టిగా అయిపోతుంది. ఇక అతను అడగాల్సింది స్పష్టం: వారానికి రెండుసార్లు 50 మీటర్ల పూల్‌లో లేన్, ఆ సెషన్లకు కోచ్ ఫీజు, భుజం మళ్లీ తిరగబెట్టకుండా నెలకోసారి ఫిజియో. ఒక్కోదానికి ఎంత ఖర్చో, అందులో ఇంట్లోవాళ్లు ఎంత భరించగలరో పక్కన రాయాలి. "మంచి శిక్షణకు సాయం చేయండి" అన్న వాక్యం కంటే ఇది ఎంతో బలంగా ఉంటుంది.

లక్ష్యం కూడా ఇక్కడినుంచే రావాలి. ఒలింపిక్స్ కల ఉంటే ఉండనివ్వండి, కానీ వచ్చే సీజన్‌కు "రెండో 50 మీటర్లు 30 సెకన్లలోపు" అని రాస్తే సాయం పనిచేసిందో లేదో వాళ్లే చూసుకోగలరు.

ఇంకొక్క మాట. చేతి స్టాప్‌వాచ్‌తో తీసిన టైమ్ అయితే ఆ సంగతి చెప్పండి, ఎలక్ట్రానిక్ టైమ్‌తో పోలిస్తే అది సాధారణంగా కాస్త తక్కువే చూపిస్తుంది. కోచ్ ఇచ్చే లేఖలో వేరే అంకె, మీ వ్యాసంలో వేరే అంకె ఉంటే దరఖాస్తు అక్కడే ఆగిపోవచ్చు. పంపే ముందు రెండూ పక్కపక్కన పెట్టుకుని, అధికారిక ఫలితాల షీట్‌తో సరిచూసుకోండి.