"మీ మేనేజర్‌తో ఏకీభవించని సందర్భం చెప్పండి": ఈ ఇంటర్వ్యూ ప్రశ్న చుట్టూ అపోహలు - వాస్తవాలు

మొన్న ఆదివారం మారతహళ్లిలో మా ఊరి కుర్రాడొకడు కలిశాడు. ఇడ్లీ తింటూ అసలు సంగతి బయటపెట్టాడు. "అన్నా, కోడింగ్ రౌండ్లు రెండూ బాగానే చేశా. చివరి రౌండ్‌లో ఆవిడ, మీ మేనేజర్‌తో ఒప్పుకోని సందర్భం ఒకటి చెప్పండి అంది. అలాంటిదేమీ రాలేదండీ, మా మేనేజర్ చాలా మంచాయన అన్నాను. రెండ్రోజుల్లో రిజెక్ట్ మెయిల్ వచ్చింది. మంచిగా చెప్పడం కూడా తప్పేనా?"

ఇంటర్వ్యూ ప్యానెళ్లలో కూర్చోవడం నా ఉద్యోగంలో ఒక భాగం. ఈ ప్రశ్న నేను ఎన్నిసార్లు అడిగానో లెక్కలేదు. మనవాళ్లు జారిపడేది దాదాపు ఎప్పుడూ ఒకే మెట్టు మీద. అందుకే వాడికి చెప్పిందంతా ఇక్కడ రాస్తున్నా.

అపోహ: గొడవలేమీ రాలేదని చెబితే మంచివాడు అనుకుంటారు

ఇంటర్వ్యూ అయ్యాక మేం ఒక ఫామ్ నింపాలి. ప్రతి ప్రశ్న కింద అభ్యర్థి చెప్పిన సంఘటన ఏమిటి, అందులో తను చేసింది ఏమిటి అని రాయాలి. "మా మేనేజర్ మంచాయన" అన్న జవాబుకి అక్కడ రాయడానికి ఏమీ ఉండదు. చెడ్డవాడని ఎవరూ రాయరు, కానీ ఆ గడి ఖాళీగా ఉండిపోతుంది. ఇద్దరు అభ్యర్థులు సమానంగా ఉన్నప్పుడు ఖాళీ గడి ఉన్నవాడే వెనకబడతాడు.

చిక్కు ఎక్కడంటే, "డిసగ్రీ" అన్న మాట మన చెవికి గొడవలా వినిపిస్తుంది. పెద్దవాళ్ల మాటకి ఎదురు చెప్పకూడదని పెరిగాం కదా. కానీ ఆ ప్రశ్న అడుగుతున్నది గొడవ గురించి కాదు. "ఈ పని ఇలా కాకుండా అలా చేస్తే మేలు" అని మీరు ఎప్పుడైనా అన్నారా అని అడుగుతున్నారు. అది ఎవరైనా అనే ఉంటారు. వాడినీ వేరేలా అడిగాను. "పోయిన ఏడాదిలో మీ మేనేజర్ ఏదో చేయమంటే కడుపులో తిప్పినట్టు అనిపించిన రోజు ఉందా?" చట్నీలో ముంచిన ఇడ్లీ చేతిలోనే ఉంది. "ఇండెక్స్ సంగతి ఉందన్నా!" అన్నాడు.

అపోహ: చివరికి నేనే రైటని తేలిన కథే చెప్పాలి

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే. దీని మీద కాస్త ఆగుదాం.

వాళ్లది హోటళ్ల నుంచి భోజనం ఆర్డర్లు తీసుకునే యాప్. ఆర్డర్ల టేబుల్‌లో 4 కోట్ల వరసలు ఉన్నాయి. హోటల్ యజమానులు చూసే రిపోర్ట్ పేజీ తెరుచుకోవడానికి 14 సెకన్లు పడుతోంది. ఒక పెద్ద కస్టమర్ శనివారం పొద్దున ఆ పేజీ చూడబోతున్నాడు. మేనేజర్, "శుక్రవారం సాయంత్రం 7కి ఇండెక్స్ పెట్టేయ్" అన్నాడు. పుస్తకం చివర ఉండే పదసూచిక లాంటిదే ఇండెక్స్, అది ఉంటే టేబుల్‌లో వెతుకులాట త్వరగా అవుతుంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో మామూలుగా ఇండెక్స్ కడితే, అది పూర్తయ్యేదాకా ఆ టేబుల్‌ని చదవొచ్చు కానీ అందులో రాయడానికి కుదరదు. అంటే కొత్త ఆర్డర్లన్నీ క్యూలో ఆగిపోతాయి. శుక్రవారం 7 అంటే బెంగళూరు మొత్తం బిర్యానీ ఆర్డర్ పెట్టే వేళ.

మొదట వాడు ఈ కథ నాకు చెప్పిన తీరు చూడండి: "అది తప్పని మేనేజర్‌కి చెప్పా, ఒప్పుకున్నాడు, రాత్రి చేశాం." పదిహేను సెకన్లలో అయిపోయింది. ఇందులో పనికొచ్చే ముక్క ఒక్కటీ లేదు. నేను తవ్వడం మొదలుపెట్టాను.

"ఆయన ఎందుకు 7కి చేయమన్నాడు?" పోయినసారి కూడా సాయంత్రమే పెట్టారట, ఏమీ కాలేదట. "అప్పుడు టేబుల్ ఎంత?" వాడు కాసేపు ఆలోచించి 20 లక్షల వరసలు అన్నాడు. ఈ ఒక్క వివరంతో కథ మారిపోయింది. ఇప్పుడు ఇది తెలియనివాడికీ తెలిసినవాడికీ మధ్య వాదన కాదు. మేనేజర్‌ది అనుభవం మీద చెప్పిన మాటే, కాకపోతే ఆ అనుభవం చిన్న టేబుల్‌ది. మీ కథలో మేనేజర్ మూర్ఖుడిలా కనిపిస్తున్నాడంటే, ఆయన వైపు కారణం మీరు ఇంకా కనుక్కోలేదని నేను అనుకుంటాను.

"నీకెలా తెలుసు సమస్య అవుతుందని?" ప్రొడక్షన్ డేటా కాపీ మీద వాడు ముందే నడిపి చూశాడట. తొమ్మిది నిమిషాలు పట్టింది. ఆ వేళలో నిమిషానికి సుమారు 200 ఆర్డర్లు వస్తాయి. అంటే 1800 ఆర్డర్ల దాకా ఆగిపోతాయి. మొదట చెప్పినప్పుడు ఇదంతా వదిలేశాడు! ఎందుకురా అంటే, "అది చిన్న పనే కదన్నా" అన్నాడు. నీ అభిప్రాయాన్ని నిలబెట్టేదే ఆ చిన్న పని. అది లేకపోతే నాకనిపించింది, ఆయనకనిపించింది అన్న దగ్గరే ఆగిపోతుంది.

"ఎక్కడ చెప్పావు?" పొద్దున స్టాండప్‌లో అందరి ముందూ కాదట. అయ్యాక డెస్క్ దగ్గరికి వెళ్లి చెప్పాడట. ఏమన్నాడో అచ్చంగా చెప్పమన్నాను. వాళ్ల మేనేజర్ కన్నడాయన, మాట్లాడింది ఇంగ్లిష్‌లో. సారాంశం ఇది: "శనివారం పొద్దునకి పేజీ స్పీడుగా ఉండాలి, అందులో నాకు వేరే మాట లేదు. పోయినసారి టేబుల్ చిన్నది. ఈసారి కాపీ మీద చేసి చూస్తే తొమ్మిది నిమిషాలు పట్టింది, అంతసేపూ ఆర్డర్లు ఆగుతాయి. రాత్రి 2 గంటలకి చేద్దామా? నేనే మేలుకుని చేస్తా. పైగా రాతలు ఆగకుండా కట్టే పద్ధతి ఇంకోటి ఉంది." అని ఈ కమాండ్ చూపించాడు:

```
CREATE INDEX CONCURRENTLY idx_orders_hotel ON orders (hotel_id);
```

రాత్రి 2కి మేనేజర్ ఒప్పుకున్నాడు, ఈ పద్ధతికి మాత్రం ఒప్పుకోలేదు. ఇది నెమ్మదిగా నడుస్తుంది, మధ్యలో ఫెయిలైతే చెల్లని ఇండెక్స్ ఒకటి మిగిలిపోతుంది, దాన్ని చేత్తో తీసేయాలి. "మన టీమ్‌లో ఎవరూ ఇది వాడలేదు, అర్ధరాత్రి ప్రయోగాలు వద్దు. మామూలుగానే పెట్టు" అన్నాడు. వాడికి నచ్చలేదు. తన వాదన ఇంకోసారి చెప్పాడు, ఆయన వద్దన్నాడు.

ఇక్కడికి రాగానే వాడు గొంతు తగ్గించి, "ఈ భాగం చెప్పకూడదు కదన్నా, ఓడిపోయాను కదా" అన్నాడు. నేను వెతుకుతున్నది ఆ భాగమే! తర్వాత ఏం చేశావు అని అడిగాను. యాప్‌లో పావుగంట ఆర్డర్లు తీసుకోబోమని ముందే నోటీసు పెట్టాడు. రాత్రి 2కి మేనేజర్ చెప్పినట్టే ఇండెక్స్ కట్టాడు, ఎనిమిది నిమిషాల్లో అయింది. తర్వాతి రెండు వారాల్లో స్టేజింగ్ మీద తన పద్ధతిని కావాలని మధ్యలో ఆపి, చెల్లని ఇండెక్స్‌ని ఎలా తీసేయాలో రాసిపెట్టాడు. ఆ నోట్స్ చూశాక, తర్వాతి ఇండెక్స్‌ని ఆ పద్ధతిలోనే కట్టడానికి మేనేజర్ సరేనన్నాడు.

దీనికి అమెజాన్ వాళ్ల నాయకత్వ సూత్రాల్లో ఒక పేరే ఉంది: "హ్యావ్ బ్యాక్‌బోన్, డిసగ్రీ అండ్ కమిట్". ఒప్పుకోకపోతే గట్టిగా చెప్పు, నిర్ణయం జరిగాక మనస్ఫూర్తిగా పని చెయ్యి అని. జెఫ్ బెజోస్ 2016 సంవత్సరానికి వాటాదారులకు రాసిన లేఖలో, తనకు సందేహమున్న ఒక కార్యక్రమానికి తన టీమ్ మాట మీద ఇలాగే సరేనన్నానని చెప్పుకున్నాడు. చాలామంది మొదటి సగమే బట్టీపడతారు. నేను ఎక్కువ మార్కులు వేసేది రెండో సగానికి. ఓడిన తర్వాత వాడు నోటీసు పెట్టిన తీరు చూస్తే, ఆ పని చెడిపోతే "నేను ముందే చెప్పా" అనడానికి కాచుకుని కూర్చునే మనిషి కాదని తెలుస్తుంది.

అపోహ: గౌరవం మాటల్లో ఉంటే చాలు

"విత్ డ్యూ రెస్పెక్ట్" అని మొదలుపెట్టి, తర్వాతి వాక్యంలో "మా మేనేజర్‌కి టెక్నికల్‌గా అంత తెలీదు" అనేవాళ్లని చాలామందిని చూశాను. బెంగళూరు ఆఫీసుల్లో మేనేజర్‌ని పేరుపెట్టే పిలుస్తారు, మన నోట్లో మాత్రం "సార్" తిరుగుతూనే ఉంటుంది. అది ఉన్నా లేకపోయినా నేను పట్టించుకోను. నా పరీక్ష ఒకటే. మీరు చెబుతున్నప్పుడు ఆ మేనేజర్ పక్క కుర్చీలో కూర్చుని వింటున్నాడనుకోండి. "అవును, అలాగే జరిగింది" అనగలడా?

ఈ పరీక్షలో నేనూ ఒకసారి తప్పాను. చాలా ఏళ్ల కిందట ఒక ఇంటర్వ్యూలో, మా మేనేజర్ తప్పు చూపిస్తూ ఆయన పై అధికారిని సీసీలో పెట్టి మెయిల్ కొట్టిన కథ గర్వంగా చెప్పుకున్నా. "మెయిల్‌కి ముందు ఆయనతో విడిగా మాట్లాడారా?" అని ఎదుటాయన నింపాదిగా అడిగాడు. మాట్లాడలేదు. ఆ ఉద్యోగం రాలేదు.

అపోహ: నోటికొచ్చిన కథ అల్లుకుని వెళ్లొచ్చు

మొదటి జవాబు దాకా అల్లవచ్చు. మూడో ప్రశ్నకి దారం తెగుతుంది. "ఆయన సరిగ్గా ఏమన్నాడు?", "మర్నాడు మీ ఇద్దరి మధ్య ఎలా ఉంది?", "ఇప్పుడైతే వేరేలా ఏం చేస్తారు?" అని అడుగుతాం. నిజంగా జరిగితే చిన్న చిన్న వివరాలు గుర్తొస్తాయి, అల్లిన కథలో పెద్ద పెద్ద మాటలే మళ్లీ మళ్లీ వస్తాయి.

అపోహ: ఏ విభేదమైనా ఒకటే

సెలవు ఇవ్వలేదు, అప్రైజల్‌లో రేటింగ్ తగ్గించాడు లాంటివి నిజమైన బాధలే, కానీ ఈ ప్రశ్నకి పనికిరావు. పని మీద తీసుకున్న నిర్ణయం గురించి చెప్పాలి. ఇంకో హద్దు కూడా ఉంది. చేయని గంటలు టైమ్‌షీట్‌లో వేయమన్నా, కస్టమర్‌కి తప్పుడు లెక్క చూపించమన్నా, "నచ్చకపోయినా చెప్పినట్టే చేశాను" అన్న జవాబు మిమ్మల్ని ముంచుతుంది. అలాంటి చోట పై వాళ్లకు చెప్పడమే సరైన పని. ఆ కథ చెప్పదలిస్తే ముందు ఎవరితో మాట్లాడారో, తర్వాత ఎవరి దగ్గరికి వెళ్లారో వరసగా చెప్పండి.

ఇడ్లీలయ్యాక కాఫీ చెప్పి, ఫోన్‌లో టైమర్ పెట్టి వాడిచేత మొత్తం జవాబు చెప్పించాను. మొదటిసారి ఐదున్నర నిమిషాలు పట్టింది, అందులో సగం పోస్ట్‌గ్రెస్ పాఠమే. పైగా వినయం కొద్దీ అన్నిటికీ "వి డిడ్", "వి టెస్టెడ్" అంటున్నాడు. కాపీ మీద నడిపింది ఎవరని అడిగితే, "నేనే" అన్నాడు. మరి "ఐ" అను. మూడోసారికి రెండు నిమిషాల నలభై సెకన్లకి వచ్చింది: మేనేజర్ కారణం, తొమ్మిది నిమిషాలు, డెస్క్ దగ్గర మాట, ఒప్పుకున్నది, ఒప్పుకోనిది, నోటీసు, ఆ తర్వాత రాసిన నోట్స్. బుధవారం ఇంకో కంపెనీలో ఇంటర్వ్యూ ఉందట. బస్‌లో ఇంకో రెండుసార్లు చెప్పుకోమని పంపించాను.