నారు పోసిన రోజే మొదటి రోజు

వరి సాగుపై శాస్త్రవేత్తల ఉపన్యాసాల్లో తరచుగా వినిపించే మాట ‘నాటిన 40 రోజులకు మూడో దఫా యూరియా’. దీన్ని ఉన్నదున్నట్టు క్యాలెండర్‌లోకి ఎక్కిస్తే నెల్లూరు జిల్లాలో కొన్ని ఏళ్లు బాగానే నడుస్తుంది, కొన్ని ఏళ్లు దెబ్బతీస్తుంది. ఈ దఫా అందాల్సింది వెన్ను అంకురించే దశలో. వెన్ను ఎప్పుడు అంకురించాలో పైరు ప్రధానంగా తన మొత్తం వయసును బట్టి నిర్ణయించుకుంటుంది. ఆ వయసు నారుమడిలోనే మొదలవుతుంది.

అందుకే నేను కోత నుంచి వెనక్కి లెక్కిస్తాను. నెల్లూరు మసూరి, అంటే ఎన్.ఎల్.ఆర్. 34449, సుమారు 125 రోజుల రకం. పూత నుంచి కోతకు దాదాపు 30 రోజులు పడుతుంది. అంకురం నుంచి పూతకూ దాదాపు అంతే. అక్టోబరు 25న నారు పోస్తే ఫిబ్రవరి 27న కోత, జనవరి 28న పూత, డిసెంబరు 29న అంకురం. నాలుగు నెలల రకానికి నాలుగు వారాల లోపు నారు మంచిది కాబట్టి నాట్లు నవంబరు 19 ప్రాంతంలో పడాలి. ఈ తేదీలతో నాటిన 40వ రోజు డిసెంబరు 29నే వస్తుంది, ఉపన్యాసం మాట సరిపోతుంది.

కానీ నవంబరు మనకు వాయుగుండాల నెల. పొలం మునిగి నాట్లు డిసెంబరు 4కు జరిగాయనుకుందాం. అప్పటికి నారు వయసు 40 రోజులు. ఉపన్యాసం లెక్కన మూడో దఫా జనవరి 13కు పోతుంది. ముదురు నారు నాటు దెబ్బకు కొన్ని రోజులు ఆలస్యమైనా, అప్పటికి వెన్ను అంకురించే ఉంటుంది. ఆ యూరియా గింజల సంఖ్యను పెంచదు, ఆకును పెంచుతుంది. పిలకలు వేసే గడువు కూడా కుదించుకుపోతుంది కనుక, ముదురు నారుకు కుదురుకు నాలుగైదు మొక్కలు పెట్టి, నత్రజనిని మూడు దఫాలు కాకుండా రెండు దఫాలే వేయాలి: 70 శాతం దమ్ములో, 30 శాతం అంకురం దశలో.

ఇన్ని మార్పులకు లోనయ్యే తేదీని ఒంటరిగా నమ్మకూడదు. క్యాలెండర్‌లో ప్రతి తేదీ పక్కన పొలంలో చూడాల్సిన గుర్తు కూడా రాసుకోవాలి. అంకురం దశకు వారం ముందు నుంచి రెండు మూడు రోజులకొకసారి కొన్ని కుదుళ్లలో పెద్ద పిలకను పీకి, కాండాన్ని నిలువునా చీల్చాలి. పై కణుపు మీద మిల్లీమీటరో రెండో ఉన్న తెల్లని నూగు మొన కనిపిస్తే యూరియాకు అదే సమయం.

ఆ గడిలో ఇంకో షరతు కూడా ఉండాలి. డిసెంబరు, జనవరి రాత్రుల చలికి, ఉదయం దాకా ఆకుపై నిలిచే మంచుకు అగ్గి తెగులు వస్తుంది. నూలు కండె ఆకారంలో, బూడిద రంగు మధ్యభాగంతో మచ్చలు కనిపిస్తే తేదీ వచ్చినా యూరియా ఆపాలి. నత్రజని ఎక్కువైన లేత ఆకులోకి ఆ శిలీంధ్రం సులువుగా దూరుతుంది. ముందు తెగులును అదుపు చేసి, కొత్త ఆకులు శుభ్రంగా ఉన్నాకే మిగిలిన దఫా సంగతి చూడాలి. అదే తెగులు వెన్ను మెడకు పాకితే గింజలు తాలుగా మారతాయి కాబట్టి, పొట్ట దశ నుంచి పూత దాకా ఉన్న రోజులకు క్యాలెండర్‌లో పరిశీలన గడులు దగ్గర దగ్గరగా పెట్టుకోవాలి.

రెండో పంట అయిన ఎడగారుకు ఇదే కాగితాన్ని కొత్త నారు తేదీతో, ఆ రకం వయసుతో తిరిగి లెక్కిస్తే చాలు. చలి, మంచు మీద ఆధారపడిన గడులను మాత్రం తీసేసి, కాలువ నీటి విడుదలను బట్టి తడుల గడులు చేర్చాలి.