మెట్ల రెయిలింగ్ బ్రాకెట్ ఎందుకు ఊడింది?

చెన్నై పెరంబూర్‌లో మా పిన్ని వాళ్ల పాత ఇంట్లో మేడ మెట్ల పక్క గోడకు స్టీలు పైపు బిగించి ఏడాది కాలేదు, ఒక బ్రాకెట్ ఊడి వచ్చింది. స్క్రూ ఒక్కటీ విరగలేదు. ప్లాస్టిక్ ప్లగ్గు, దాని చుట్టూ ఉన్న సిమెంటు పూత పెళ్లతో సహా ఊడింది.

కాలు జారితే మనిషి బరువంతా ఒక్క బ్రాకెట్ మీదే పడిందనుకుందాం, 90 కిలోలు. పైపు మధ్యభాగం గోడకు 7 సెంటీమీటర్ల దూరంలో ఉంది. బ్రాకెట్ బిళ్ల కింది అంచు గోడకు ఆనుకుంటుంది, పై స్క్రూ బయటికి లాగబడుతుంది. ఆ అంచుకూ స్క్రూకూ మధ్య 5 సెంటీమీటర్లే. అంటే 90 × 7 ÷ 5, దాదాపు 126 కిలోల లాగుడు. మనిషి బరువు కన్నా ఎక్కువ! పైపును గోడకు ఇంకో 5 సెంటీమీటర్లు దూరం జరిపితే అది 216 అవుతుంది. అందుకే 4 సెంటీమీటర్ల పైపుకూ గోడకూ మధ్య వేళ్లు పట్టేంత, సుమారు 5 సెంటీమీటర్లు, సందు ఉంచితే చాలు.

ఆ లాగుడును తట్టుకోవాల్సింది ఇటుక. పూత మందం ఒకటిన్నర సెంటీమీటరు ఉంటే, 3 సెంటీమీటర్ల ప్లగ్గులో సగమే ఇటుకలోకి దిగుతుంది. ఈసారి 6 సెంటీమీటర్ల ప్లగ్గు తెచ్చాం. డ్రిల్ వేస్తుంటే మొదట బూడిదరంగు పొడి రాలింది, తర్వాత ఎర్రపొడి. ఎరుపు వచ్చిందంటే ఇటుక తగిలినట్టే. ఒక చోట ఎరుపు రాకుండా బిట్ సర్రున దిగిపోయింది. అది ఇటుకల మధ్య సందు, అందుకని బ్రాకెట్‌ను రెండు వేళ్లు పక్కకు జరిపాం. రంధ్రంలో పొడి మిగిలితే ప్లగ్గు బిగియదు, ఊది శుభ్రం చేయాలి.

ఎత్తు కొలవడంలోనూ పొరపాటు జరిగింది. టేపును మెట్టు అంచు నుంచి నిట్టనిలువుగా పట్టాలి, అక్కడి నుంచి పైపు పైభాగానికి 90 సెంటీమీటర్లు. పాత పనివాడు మెట్ల వాలుకు అడ్డంగా పట్టినట్టున్నాడు. మెట్టు ఎత్తు 17, వెడల్పు 27 కాబట్టి అలా పడితే నిలువున 106 వస్తుంది. పిన్నికి అది భుజం దగ్గరికి వచ్చినట్టుండేది. కింది మెట్టు అంచు మీద, పై మెట్టు అంచు మీద 90 దగ్గర గీతలు పెట్టి, మధ్య దారం లాగాం. బ్రాకెట్ స్క్రూలు మాత్రం ఆ దారం మీద కాదు. మా బ్రాకెట్‌కు పైపు కూర్చున్నాక పైభాగం బిళ్ల మధ్య కంటే ఏడున్నర సెంటీమీటర్లు పైకి వస్తుంది, అంత కిందికి ఇంకో గీత గీశాం.

పైపు పొడవు 3 మీటర్లు. రెండు చివరలా 15 సెంటీమీటర్లు వదిలితే మిగిలింది 270, దాన్ని మూడు భాగాలు చేస్తే 90కి ఒకటి చొప్పున నాలుగు బ్రాకెట్లు. పాతవి మూడే, మధ్యలో పైపు ఊగేది. పిన్ని చీర కొంగు తగులుకోకుండా రెండు చివరలూ గోడ వైపు వంపించాం.

బిగించాక ఒక్కో బ్రాకెట్ దగ్గర పైపును పట్టుకుని కిందికి వేలాడాను. బిళ్ల పై అంచు దగ్గర గోడ మీద సన్నటి గీత కూడా పడలేదు.